లోగో పోయింది, దాని ముడతలు పోలేదు

ముదురు నీలం పోలో టీషర్టు. ఛాతీ మీద ఒక పక్కన తెల్లదారంతో కుట్టిన లోగో. అమ్మబోయే సరుకు మీద ఆ లోగో ఉండదు. ఫొటో తీసే నాటికి అందుబాటులో ఉన్న ఒకే ఒక్క నమూనా ముక్క మీద మాత్రం పాత లోగో ఉంది. మళ్లీ తీయించే వీలు లేదు కాబట్టి, లోగో తీసేసి సాదా టీషర్టుగా చూపించమని నాకు పంపారు. చిన్న పని అనుకున్నాను. మొత్తం ఫొటో 4000 × 6000 పిక్సెళ్లు, అందులో లోగో 420 పిక్సెళ్ల వెడల్పు, 160 ఎత్తు. అరగంట చాలనుకున్నాను. మూడు రోజులు పట్టింది.

ఆలస్యానికి కారణం ఆ గుడ్డే. పోలో టీషర్టులకు వాడేది పికే అల్లిక. దగ్గర నుంచి చూస్తే తేనెపట్టులా ఉంటుంది. చిన్న చిన్న బుడిపెలు, మధ్యలో గుంటలు, ఒక వరుసకీ పక్క వరుసకీ సగం బుడిపె దూరం జరిగి ఉంటాయి. నా ఫొటోలో ఒక బుడిపె నుంచి పక్క బుడిపెకి దాదాపు 10 పిక్సెళ్లు. అంటే లోగో వెడల్పులో నలభైకి పైగా బుడిపెలు పడతాయి. ఇది చాలదన్నట్టు చంక దగ్గర మొదలైన మడత ఒకటి ఏటవాలుగా కిందికి దిగి, లోగో చివరి అక్షరాల మీదుగా బొత్తాల పట్టీ వైపు వెళ్తోంది. వెలుగు ఫొటోకి ఎడమ పై మూల నుంచి వస్తోంది. అందువల్ల మడతకి పై అంచు మెరుస్తూ, కింది అంచు నీడలో ఉంది.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. Photoshop లో Healing Brush తీసుకుని అక్షరాల మీద రుద్దాను. మధ్యలో ఉన్న అక్షరాలు పరవాలేదనిపించేలా పోయాయి. అంచుకు వచ్చేసరికి తెల్లదారం రంగు నీలంలోకి పాకి, పాలు ఒలికి తుడిచినట్టు మరక పడింది. ఈ బ్రష్ తాను నింపే చోటి రంగును చుట్టూ ఉన్న రంగుతో కలుపుతుంది. చుట్టూ ఇంకా తెల్లదారం మిగిలి ఉంటే దాన్నీ కలుపుకుంటుంది. మడత మీద ఇంకా ఘోరం. మెరుపూ నీడా ఒకదానిలో ఒకటి కలిసిపోయి, గుడ్డ అక్కడ మైనంలా కరిగినట్టు కనిపించింది.

రెండో ఉపాయం తెలివైనదనుకున్నాను. అవతలి పక్క ఛాతీ మీద లోగో లేదు, అదే గుడ్డ, అదే దూరం. ఆ ముక్కను కత్తిరించి, అద్దంలోలా తిప్పి, లోగో మీద పెట్టాను. కొలత సరిపోయింది, రంగు సరిపోయింది. అయినా చూస్తుంటే ఏదో తేడా. ఆ ముక్క మాత్రం లోపలికి నొక్కినట్టు ఉంది. పెద్దది చేసి చూస్తే అప్పుడు తెలిసింది. మిగతా టీషర్టంతా ప్రతి బుడిపెకీ ఎడమ పక్క వెలుగు, కుడి పక్క నీడ. తిప్పిన ముక్కలో తారుమారు. మన కన్ను వెలుగు అంతా ఒకే వైపు నుంచి వస్తోందని అనుకుంటుంది కాబట్టి, వెలుగు తారుమారైన బుడిపె దానికి గుంటలా కనిపిస్తుంది. గుడ్డ ముక్కను తిప్పకుండా జరపడం వేరు, తిప్పి పెట్టడం వేరు. కొంచెం వంచడం వరకు పరవాలేదు, పదిహేను డిగ్రీలు దాటితే పికే దొరికిపోతుంది.

అలా మొదటి రోజు గడిచింది. రెండో రోజు పనిని రెండుగా విడదీశాను. గుడ్డ మీద పడే వెలుగు నీడలు, అంటే మడతలు, ఒక లేయర్‌లో. అల్లిక మాత్రమే ఇంకో లేయర్‌లో. రీటచింగ్ చేసేవారికి కొత్త పద్ధతేమీ కాదు, ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అంటారు. ముఖాల మీద దీన్ని అతిగా వాడి చర్మాన్ని ప్లాస్టిక్ చేసేవారిని చూసి నాకు దీని మీద కొంత చిరాకు ఉండేది. గుడ్డ విషయంలో మాత్రం దీనికి సాటి లేదని ఒప్పుకుంటున్నాను.

ఫొటో లేయర్‌కి రెండు నకళ్లు తీసి, కింది దానికి low అని పేరు పెట్టి Gaussian Blur ఇవ్వాలి. ఎంత ఇవ్వాలన్నదే అసలు ప్రశ్న. దీనికి సూత్రం వెతకడం కంటే కళ్లతో చూడటం మేలు. Radius 1 నుంచి మెల్లగా పెంచుతూ పోతే, 3 దగ్గర బుడిపెలు ఇంకా లీలగా కనిపించాయి, 5 దాటాక పూర్తిగా మాయమయ్యాయి. మడత మాత్రం మడతలాగే ఉంది. 6 దగ్గర ఆపాను. ఇంకా పెంచితే నష్టం ఉంది. సన్న ముడతల నీడలు కూడా అల్లిక లేయర్‌లోకి వెళ్లిపోతాయి, తర్వాత అల్లికను ఒక చోటి నుంచి ఇంకో చోటికి తెచ్చినప్పుడు ఆ నీడలూ వెంట వస్తాయి.

పై నకలు మీద Apply Image తెరిచి, దాని అంకెల్లోంచి కింది దాని అంకెలను తీసివేయాలి, అప్పుడు పై దానిలో అల్లిక మాత్రమే మిగులుతుంది. ముదురు నీలంలో వెలుగు మెల్లగా మారే చోట 8 బిట్ ఫైలులో మెట్లు మెట్లుగా చారలు పడతాయి కాబట్టి నేను 16 బిట్‌లో పని చేశాను. దానికి అమరిక ఇది:

```
Layer: low
Channel: RGB
Invert: on
Blending: Add
Scale: 2
Offset: 0
```

8 బిట్ అయితే Invert లేకుండా Subtract, Scale 2, Offset 128. ఆ తర్వాత పై లేయర్‌ని Linear Light కి మారిస్తే ఫొటో మళ్లీ మొదట ఉన్నట్టే కనిపించాలి. పక్కన అసలు ఫొటో పెట్టుకుని పోల్చుకోవాలి. తేడా ఉంటే అమరికలో ఎక్కడో తప్పు పడినట్టే.

ఇక్కడే నేను ఒక తప్పు చేశాను. ఆ తప్పు గురించి ఎవరూ ముందుగా చెప్పలేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. లోగో ఉండగానే లేయర్లు విడదీశాను. బ్లర్ చేసినప్పుడు తెల్లదారం వెలుగు అక్షరాల అంచు దాటి ఇరవై పిక్సెళ్ల దాకా నీలంలోకి వ్యాపించింది. దానికి సరిపడా పై లేయర్‌లో అక్షరాల చుట్టూ నల్లటి అంచు ఏర్పడింది. రెండూ కలిసి ఉన్నంతసేపు ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి, ఏమీ తెలియదు. ఒకదాన్ని మార్చగానే రెండోది బయటపడుతుంది. అల్లిక లేయర్‌లో కొత్త అల్లిక వేశాను, కింద తెల్లటి పొగ మిగిలింది. ఆ పొగను తుడిస్తే ఇంకా అల్లిక మార్చని చోట్ల నల్లని చారలు తేలాయి. గంటసేపు ఈ రెంటి మధ్య తిరిగాక, మొత్తం చెరిపేసి మొదటికి వచ్చాను.

పరిష్కారం చాలా సులువు. విడదీయడానికి ముందే లోగోని మోటుగా కప్పేయాలి. గట్టి అంచున్న బ్రష్‌తో చుట్టుపక్కల నీలం తీసుకుని తెల్లదారం కనిపించనంతగా పూసేశాను. అందంగా ఉండనక్కర్లేదు, తెలుపు లేకపోతే చాలు. ఆ తర్వాత విడదీస్తే పొగా లేదు, నల్ల అంచూ లేదు.

ఇప్పుడు కింది లేయర్, మడతలు. లోగో కింద మడత ఎలా ఉందో ఊహించనక్కర్లేదు, లోగోకి ఇవతలా అవతలా అది కనిపిస్తూనే ఉంది. మడత లోపలికి వెళ్లే చోటా, బయటికి వచ్చే చోటా మూడు విషయాలు చూసుకున్నాను. మెరుపు గీత ఎంత వెడల్పుంది, నీడ ఎంత చిక్కగా ఉంది, రెంటి మధ్య మార్పు ఎంత వేగంగా ఉంది. పై చివర మెరుపు వెడల్పు 60 పిక్సెళ్లు, కింది చివర 35. అంటే బొత్తాల పట్టీ వైపు గుడ్డ బిగుసుకుంటోంది, మడత సన్నబడుతోంది. మధ్యలో వెడల్పు సమానంగా గీస్తే అది మడతలా కాక గొట్టంలా కనిపిస్తుంది. Pen తో మడత వీపు వెంట ఒక గీత గీసుకుని, దాన్ని దారిగా పెట్టుకున్నాను.

ముందు మోటుగా పూసిన చోటంతా Lasso తో, అంచు మెత్తగా ఉండేలా ఎంచుకుని బ్లర్ చేసి చదును చేశాను. ఆ చదును మీద రెండు Curves లేయర్లు, ఒకటి వెలుగు పెంచేది, ఒకటి తగ్గించేది. రెంటికీ నల్ల మాస్కులు, వాటి మీద తెల్ల బ్రష్‌తో పదిశాతం బలంతో కొద్ది కొద్దిగా పూస్తూ మడతను లేపాను. మడతకి రెండు అంచులూ ఒకలా ఉండవు. వెలుగు వైపు అంచు మెల్లగా చదునులో కలిసిపోతుంది, నీడ వైపు అంచు ఒక్కసారిగా తెగుతుంది. నేను మొదట రెండు వైపులా మెత్తని బ్రష్‌తోనే పూశాను, గుడ్డ కింద తాడు దూర్చినట్టు వచ్చింది. నీడ వైపు గట్టి బ్రష్ వాడాక అది గుడ్డ అయింది. Curves లేయర్లను Luminosity కి మార్చడం కూడా మరిచిపోకూడదు. మామూలుగా వదిలేస్తే వెలుగు పెంచిన చోట నీలం ముదిరి, నెమలికంఠం రంగు వైపు జరిగింది.

సాయంత్రానికి లోగో లేదు, మడత ఉంది, అల్లిక కూడా తొలి విడతగా వేసేశాను. మా దగ్గర చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్న ఒకావిడ ఉన్నారు. ఫొటో చూపించి, ఏం తీశానో చెప్పకుండా, "ఎలా ఉంది మేడమ్?" అని అడిగాను.

ఆవిడ రెండు సెకన్లు చూసి వేలు పెట్టారు. "ఇక్కడ ఏదో కుట్టి ఉండేది కదూ?"

"ఎలా తెలిసింది?"

"లోగో తీశారు బాగానే ఉంది. అది లాగిన గుడ్డను వదల్లేదు. చుట్టూ చూడండి."

చూశాను. అంతవరకు నా కళ్లు 420 పిక్సెళ్ల పెట్టె దాటి బయటికి వెళ్లలేదు. ఎంబ్రాయిడరీ సూది వందలసార్లు గుచ్చి దారాన్ని బిగిస్తుంది, వెనకాల గట్టి బట్ట కూడా వేస్తారు. అల్లిక సాగే గుణం ఉన్నది కాబట్టి లోగో చుట్టూ గుడ్డ దగ్గరికి లాక్కుని, సూర్యకిరణాల్లా సన్న ముడతలు పడతాయి. లోగో ఉన్న చోటు మాత్రం అట్టముక్కలా బిర్రుగా ఉంటుంది. మడత కూడా దాని దగ్గరికి వచ్చేసరికి కొంచెం పక్కకి తొలిగి, దాటాక మళ్లీ దారిలో పడింది, ఏరు బండరాయిని చుట్టుకుని పోయినట్టు. నేను రాయి తీసేశాను గానీ ఏటిని దాని పాత వంపులోనే ఉంచాను. లోగో చుట్టూ కిరణాలూ అలాగే ఉన్నాయి. బొమ్మ లేకపోయినా దాని ఆనవాలు అక్కడే కూర్చుని ఉంది.

ఇది అచ్చువేసిన లోగో అయితే ఈ బాధ ఉండేది కాదు. సిరా గుడ్డను లాగదు, మహా అయితే మందపు అచ్చు కింద అల్లిక పూడుకుపోయి ఉంటుంది. కుట్టిన లోగోకి మాత్రం, తీయాల్సిన ప్రాంతం లోగో కంటే బాగా పెద్దదని గుర్తుంచుకోవాలి. మూడో రోజు నేను పని చేసిన ప్రాంతం దాదాపు 800 పిక్సెళ్ల వెడల్పు, 450 ఎత్తు.

ఏ ముడత లోగో వల్ల వచ్చింది, ఏది మనిషి ఒంటి వల్ల వచ్చింది అని విడదీసుకోవడానికి అవతలి ఛాతీ ఉపయోగపడింది. ఈసారి కత్తిరించలేదు, ఊరికే చూశాను. అక్కడ గుడ్డ భుజం నుంచి పెద్ద వంపుతో జారుతోంది, సన్న ముడతలు లేవు. కాబట్టి ఇటు వైపు లోగో కేంద్రంగా చూసే ముడతలన్నీ పోవాలి. చంక నుంచి వచ్చే మడత, దానికి సమాంతరంగా ఉన్న ఇంకో చిన్న మడత ఉండాలి. కింది లేయర్‌లో కిరణాలను చదును చేసి, మడత వంపు తీసి, Pen గీతను రెండు చివరల నుంచి తిన్నగా కలిపాను. రెండో రోజు వేసిన మడతలో సగం చెరిపి మళ్లీ వేయాల్సి వచ్చింది.

తర్వాత అల్లిక. పై లేయర్‌లో ఆ ప్రాంతాన్ని ముందు 50% Gray తో నింపాను. ఆ లేయర్‌లో మధ్య బూడిద అంటే "ఇక్కడ అల్లిక లేదు" అని అర్థం. దాని మీద కొత్త లేయర్ పెట్టి, రెంటినీ ఒక గ్రూపులో వేసి, Linear Light ని లేయర్ నుంచి తీసి గ్రూపుకి ఇచ్చాను. Clone Stamp తో, లోగోకి కాస్త కింద, అదే వెలుగులో అదే ఫోకస్‌లో ఉన్న చోటి నుంచి అల్లిక తెచ్చాను. బ్రష్ అంచు గట్టిగా ఉండాలి. మెత్తని అంచుతో వేస్తే పాత వేటు, కొత్త వేటు ఒకదాని మీద ఒకటి సగం సగం కలుస్తాయి. ఒకదాని బుడిపె మీద ఇంకోదాని గుంట పడితే రెండూ మాయమై, అక్కడ గుడ్డ నున్నగా అరిగినట్టు అవుతుంది. చర్మానికి మెత్తని బ్రష్ అలవాటైన చేతికి ఇది ఎదురు నడక.

మొదటి వేటు ఎక్కడ పడుతుందన్నదే ముఖ్యం. బుడిపె నడినెత్తి మీద Alt నొక్కి తీసుకుని, వేయాల్సిన చోట వరుస ప్రకారం బుడిపె ఎక్కడ రావాలో సరిగ్గా అక్కడే మొదలుపెట్టాలి. Clone Source పెట్టెలో తేబోయే ముక్క ముందుగానే నీడలా కనిపిస్తుంది, దాంతో వరుసలు కలుపుకోవచ్చు. నేసిన గుడ్డ అయితే పడుగు, పేక దారాలు తిన్నగా కంటికి ఆనుతాయి కాబట్టి తప్పు వెంటనే తెలుస్తుంది. పికేలో బుడిపెలు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి మూడు నాలుగు పిక్సెళ్ల తేడాని కన్ను క్షమిస్తుంది. అప్పటికి మాత్రమే. ఆ సంగతి చివర్లో తెలిసింది.

మడత మీద అల్లికను చదునుగా వేయకూడదు. మడత ఎక్కేటప్పుడు వరుసలు వంగుతాయి, మడత అవతలికి తిరిగే చోట బుడిపెలు దగ్గర దగ్గరవుతాయి. ఒక చదును ముక్కను వేరే లేయర్‌గా తీసుకుని, Warp తో మడత గీత వెంట వంచాను. నీడ వైపు దాన్ని అడ్డంగా ఏడో వంతో ఎనిమిదో వంతో నొక్కాను. ఎంత నొక్కాలన్నది లోగోకి అవతల అదే మడత నీడ వైపు బుడిపెలను లెక్కపెట్టి తీసుకున్నాను. చదునులో వంద పిక్సెళ్లకి పది బుడిపెలుంటే అక్కడ పదకొండు, పన్నెండు ఉన్నాయి.

ఇంత చేసినా నీడలోని అల్లిక మాత్రం మంచుగడ్డ మీద ఉప్పు చల్లినట్టు పైకి తేలింది. Info పెట్టెలో అంకెలు చూశాను. వెలుగులో బుడిపెకీ గుంటకీ తేడా 14 దాకా ఉంది. లోగో అవతలి నీడలో అది 5. కారణం సులువే, తక్కువ వెలుగు పడే చోట బుడిపెకీ గుంటకీ మధ్య తేడా కూడా తగ్గుతుంది. ఈ పద్ధతి మాత్రం అల్లికను కూడికలా కలుపుతుంది, వెలుగుని బట్టి తగ్గించదు. వెలుగులోంచి తెచ్చిన 14 నీడలోకి కూడా 14గానే వెళ్తుంది. కింద బూడిద రంగు నింపి ఉంది కాబట్టి నీడ ముక్క లేయర్ బలాన్ని 40 శాతానికి తగ్గించాను, తేడా 5, 6 కి వచ్చింది. అల్లిక గుడ్డలో మునిగింది.

తప్పులు పట్టుకోవడానికి పైన ఒక నలుపు తెలుపు లేయర్, దాని మీద పైకి కిందికి రెండు మూడు సార్లు వంగిన Curves గీత పెట్టి చూశాను. ఫొటో వికారంగా మారుతుంది గానీ, వెలుగులో మామూలుగా కనిపించని చిన్న మెట్టు కూడా అందులో గీతలా తేలుతుంది. లోగో పై అంచున్న చోట ఒక పొడుగాటి మెట్టు దొరికింది, సరిచేశాను. రెండు చోట్ల ఒకే వంకర బుడిపె పక్కపక్కనే రెండుసార్లు వచ్చింది. ఒకదాన్ని వేరే చోటి నుంచి తెచ్చిన ముక్కతో కప్పాను. ఇక అయిపోయిందనుకుని 1000 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి చూశాను.

లోగో ఉన్న చోట సన్నగా, నిలువుగా ఒక అతుకు. పెద్ద ఫొటోలో ఎంత వెతికినా కనిపించని అతుకు. నాలుగో వంతుకి తగ్గించినప్పుడు పది పిక్సెళ్ల బుడిపె రెండున్నర పిక్సెళ్లయింది. అంత చిన్నదయ్యాక బుడిపె విడిగా కనిపించదు, వరుసల లయ మాత్రమే అలల్లా కనిపిస్తుంది. దాన్నే మువారే అంటారు. రెండు ముక్కలు కలిసే చోట వరుసలు నాలుగు పిక్సెళ్లు తప్పాయి. పెద్ద ఫొటోలో కన్ను క్షమించిన ఆ నాలుగు పిక్సెళ్లు చిన్న ఫొటోలో అటూ ఇటూ వేరు వేరు అలలుగా తేలాయి. పైగా తెర మీద 66.7% లాంటి కొలతల్లో చూస్తే లేని అలలు కూడా కనిపిస్తాయి. అందుకని 100% దగ్గర తప్ప తీర్పు చెప్పకూడదు, తగ్గించిన ఫైలునైనా సరే.

ఆ ముక్కను బాణం మీటలతో ఒక్కో పిక్సెల్ జరుపుతూ, ప్రతిసారీ చిన్న నకలు తీసి చూశాను. నాలుగు పిక్సెళ్లు ఎడమకి, ఒకటి పైకి. అతుకు పోయింది. కలిసే అంచుని తిన్నగా కాకుండా బుడిపెల మధ్య గుంటల వెంట వంకరటింకరగా కోశాను, మిగిలిన కాస్త తేడా గుంటల నీడలో దాక్కుంది.

మేడమ్‌కి మళ్లీ చూపించాను. ఈసారి ఆవిడ వేలు ఛాతీ మీద కాకుండా కాలర్ మీదికి వెళ్లింది. అక్కడ నేనేమీ ముట్టుకోలేదు. ఫైలు పంపేశాను. మర్నాడు జవాబు వచ్చింది. లోగో గురించి ఒక్క ముక్క లేదు. రెండో బొత్తాం దగ్గర దారప్పోగు ఒకటి బయటికి వేలాడుతోంది, అది కూడా తీసేయగలరా అని అడిగారు.